మూడో తరగతి బాబు చదవలేకపోతున్నాడు: ఇంట్లో వాళ్ళతో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూల్ టీచర్ని. పోయిన డీఎస్సీలో వచ్చాను. మా మూడో తరగతిలో ఒక బాబు అక్షరాలు గుర్తుపడతాడు కానీ గుణింతాల దగ్గర ఆగిపోతాడు, వత్తులు వస్తే తల దించుకుంటాడు. నోటిలెక్కలు మాత్రం అందరికంటే ముందు చెబుతాడు. వాళ్ళ నాన్న రాత్రిపూట రొయ్యల గుంటల దగ్గర కాపలా, అమ్మ నాట్లకూ కలుపులకూ పోతుంది. ఇద్దరికీ చదువు రాదు. ఏడో తరగతి చదివే అక్క ఉంది. పోయిన ఏడు టీచర్ గారు తల్లిదండ్రులందరినీ బడికి పిలిచే మెగా పీటీఎంలో అందరి ముందూ "మీవాడు బాగా వెనకబడ్డాడు" అంటే వాళ్ళ నాన్న గొడవపడి, ఇంటికి పోయి బాబును కొట్టారంట. ఇప్పుడు మా హెడ్మాస్టర్ గారు వచ్చే వారం వాళ్ళను పిలిచి మాట్లాడమన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. అబద్ధం చెప్పలేను. నిజం చెబితే వాడికి దెబ్బలు పడతాయేమో. ఏం మాట్లాడాలో మాటలతో సహా రాసిస్తారా?
– పేరు వద్దు, నెల్లూరు జిల్లా

సమాధానం:

రాసిస్తానమ్మా. అయితే మాటల కంటే ముందు మీ చేతిలో ఒక కాగితం ఉండాలి. అది లేకుండా కూర్చుంటే ఎంత మెత్తగా మాట్లాడినా చివరికి "సరిగా చదవడం లేదు" అన్న దగ్గరికే వస్తారు. ఆ మాట విన్న తండ్రికి చేయడానికి ఏ పనీ కనబడదు, కోపం తెచ్చుకోవడం తప్ప. ఏది వచ్చో, ఏది రాలేదో కాగితం మీద చూపించగలిగితే మాట్లాడటానికి ఒక విషయం దొరుకుతుంది.

ఆ కాగితం తయారు చేయడానికి పావుగంట చాలు. మిగతా పిల్లలు ఆటలో ఉన్నప్పుడు బాబును పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో మూడు వరుసలు రాయండి. మొదటి వరుసలో తలకట్టు మాత్రమే ఉన్న పదాలు: తల, వల, నగ, జత, పడవ, గడప, పలక, మడత, కలప, అలక. రెండో వరుసలో గుణింతాలు: కాకి, నీడ, పులి, కూర, నెమలి, చేప, మేక, కొడవలి, గోడ, తోక. మూడో వరుసలో వత్తులు ఒక ఐదు: అమ్మ, అక్క, రొయ్య, బస్సు, ముగ్గు. వాడిని చదవమనండి. తప్పు చదివితే దిద్దవద్దు, "ఊఁ, తర్వాత" అనండి అంతే. వాడు నోటితో ఏమన్నాడో అదే ఆ పదం కింద రాసుకోండి. ఒట్టి ఇంటూ గుర్తు పెడితే మీకు తెలిసేది ఏమీ ఉండదు.

పాఠ్యపుస్తకం ఇచ్చి చదివించకండి. పిలకాయలు పాఠం మొత్తం నోటికి పట్టేసి ఉంటారు. వేలు ఒక మాట మీద ఉంటుంది, నోరు రెండు మాటలు ముందుకు పోయి ఉంటుంది. అనుమానం వస్తే వరుస చివరి నుంచి వెనక్కి చదివించండి, తెలిసిపోతుంది. గుణింతాల్లోనూ ఇదే సంగతి. "క కా కి కీ" అని రాగం తీసి చివరి దాకా అప్పజెప్పే పిల్లవాడికి "కే" ఒక్కటే విడిగా రాసి చూపిస్తే చెప్పలేడు. మళ్ళీ మొదటి నుంచి రాగం తీసుకుంటూ అక్కడిదాకా రావాల్సిందే. మీ బాబు కూడా అలా చేస్తున్నాడేమో చూడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వాడు మొదటి వరుసలో తొమ్మిది చదివాడు. రెండో వరుసలో కాకి, నీడ, పులి, కూర బాగానే చదివాడు. చేపను "చాప" అన్నాడు, మేకను "మాక" అన్నాడు, నెమలిని "నమలి", కొడవలిని "కడవలి", గోడను "గాడ", తోకను "తాక" అన్నాడు. పదిలో నాలుగే వచ్చాయి కాబట్టి మార్కుల లెక్కన ఫెయిల్. కానీ తప్పులు చదివి చూడండి. దీర్ఘం వచ్చు, గుడి వచ్చు, కొమ్ము వచ్చు. రానివి ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. అంటే వాడికి గుణింతాలు రావు అనడం నిజం కాదు, నాలుగు గుర్తులు రాలేదు. ఈ రెండు మాటల్లో ఏది చెబుతారన్న దాని మీదే మీ సమావేశం ఎలా నడుస్తుందో ఆధారపడి ఉంటుంది. మీ బాబు తప్పులు వేరేగా ఉండొచ్చు, ప, వ, ష ఒకదానికొకటి మారిపోతుండొచ్చు. ఏదైనా సరే, ఇంత ఖచ్చితంగా తేలేదాకా వాళ్ళను పిలవకండి.

కాగితంతో పాటు ఇంకో రెండు చూసుకోండి. హాజరు పట్టీలో ఒకటి, రెండు తరగతుల్లో ఏ నెలల్లో ఎక్కువ రోజులు రాలేదో చూడండి. గుణింతాలు చెప్పిన రోజుల్లోనే వాడు బడికి లేకపోతే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. రెండోది, బోర్డు మీద రాసింది చూసి రాసేటప్పుడు కళ్ళు చికిలిస్తున్నాడా, వెనక నుంచి మెల్లగా పిలిస్తే తిరుగుతున్నాడా అని గమనించండి. ఇది కంటి పరీక్షా కాదు, చెవి పరీక్షా కాదు. అనుమానం ఉంటే పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే టీమ్ బడికి వచ్చినప్పుడు చూపించాలనో, పీహెచ్‌సీకి తీసుకుపొమ్మని చెప్పాలనో తెలుస్తుంది, అంతవరకే.

సమావేశానికి తీసుకురాకూడని లెక్క కూడా ఒకటి ఉంది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టారు. అది మీకు పనికొచ్చే లెక్క. ఆ తండ్రి ముందు పెడితే మళ్ళీ "అందరికంటే వెనక" అని చెప్పినట్టే అవుతుంది. పక్క పిల్లవాడి పేరు కూడా ఎత్తకండి, పొగడటానికైనా సరే.

ఇక ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని పిలవాలి? 2024 డిసెంబర్ 7న మొదటి మెగా పీటీఎం, 2025 జులై 10న రెండోది జరిగాయి. ఊరంతా బడికి రావడం మంచిదే, ప్రోగ్రెస్ కార్డు తల్లిదండ్రుల చేతికి ఇవ్వడమూ మంచిదే. కానీ షామియానా కింద వందమంది మధ్య ఒక పిల్లవాడి చదువు మాట్లాడటం కుదరదు. ఆయన పోయిన ఏడు గొడవపడింది మీవాడికి చదువు రాలేదన్నందుకు కంటే నలుగురిలో అన్నందుకే అయివుంటుంది. కాబట్టి విడిగా, బడి వదిలాక, తలుపు సగం వేసి మాట్లాడండి. ఆయన రాత్రి కాపలాకు పోయే మనిషి కాబట్టి పొద్దున పిలిస్తే నిద్ర లేని కళ్ళతో వస్తాడు. నాట్లున్న రోజుల్లో ఆమెకు పొద్దున అసలే వీలు కాదు, కూలి పోతుంది. సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య అడిగి చూడండి.

కబురు బాబు చేత పంపవద్దు. "రేపు మీ నాన్నను తీసుకురా" అన్న మాట వినగానే ఏ పిల్లవాడైనా తప్పు చేశాననే అనుకుంటాడు. ఇంట్లో వాళ్ళూ అదే అనుకుంటారు, దెబ్బలు ఆ రాత్రే పడిపోతాయి. మీరే ఫోన్ చేయండి.

"నమస్తే అమ్మా, నేను బడి నుంచి మేడమ్‌ని. కంప్లయింట్ ఏమీ లేదు, బాబు బాగానే ఉన్నాడు. తెలుగు చదవడంలో వాడికి ఒకచోట సాయం కావాలి, అది మీ ఇద్దరితో కూర్చుని మాట్లాడదామని. ఒక్క ఇరవై నిమిషాలు పడుతుంది. బాబు వాళ్ళ నాన్నకు ఎప్పుడు వీలవుతుంది?"

"కంప్లయింట్ ఏమీ లేదు" అన్న మాట మొదట్లోనే రావాలి. మాస్టరు నుంచి ఫోన్ అంటే భయపడే ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి.

తల్లిని ఒక్కదాన్నే పిలిస్తే సులువు కదా అని మీకు అనిపించవచ్చు. మీకు సులువే. ఆ విషయమంతా ఇంటికి మోసుకుపోయి ఆయనకు చెప్పాల్సింది మాత్రం ఆమె. మీరు పావుగంట జాగ్రత్తగా చెప్పింది అక్కడ ఒక్క ముక్క అయిపోతుంది. పైగా "నాకు చెప్పకుండా పోతావా" అని ఆమెకే మాట పడవచ్చు. అందుకే ఇద్దర్నీ పిలవడం మేలని నా అభిప్రాయం. అయితే ఫోన్‌లో ఆమె గొంతు తగ్గించి "ఆయనకు చెప్పొద్దు మేడమ్" అంటే మాత్రం బలవంతం చేయకండి. ముందు ఆమెతో మాట్లాడండి. ఆయనతో హెడ్మాస్టర్ గారు ఉన్న రోజు మాట్లాడవచ్చు.

కుర్చీలు మూడూ ఒకే ఎత్తువి వేయించండి. వాళ్ళను పిల్లల బెంచీ మీద కూర్చోబెట్టి మీరు టేబుల్ వెనక కూర్చోవద్దు. బాబు మొదట బయట ఆడుకుంటాడు, చివరి ఐదు నిమిషాలకు లోపలికి వస్తాడు.

ఇప్పుడు మీరడిగిన మాటలు. కంఠతా పట్టకండి, వరుస గుర్తుంటే చాలు.

"రండన్నా, రండమ్మా, కూర్చోండి. పనులు మానుకుని వచ్చారు, త్వరగానే ముగిద్దాం. మొన్న లెక్కల పీరియడ్‌లో యాభై నోటిచ్చి ముప్ఫై రెండు రూపాయల సరుకు కొంటే ఎంత తిరిగి రావాలి అన్నాను. వేళ్ళు కూడా లెక్కపెట్టకుండా పద్దెనిమిది అన్నాడు మీ బాబు. ఇంట్లో అంగడికి వాడే పోతాడా?"

నోటిలెక్కల సంగతి మీరే రాశారు కాబట్టి ఇది వాడాను. నిజంగా జరిగిందే చెప్పండి, ఏ రోజు ఏ లెక్క అన్నదానితో సహా. "మంచివాడు, మాట వింటాడు" లాంటి పొగడ్త అందరి పిల్లలకూ చెప్పేదే కదా, దాని తర్వాత ఏదో చేదు వార్త వస్తుందని ఎంత చదువురాని మనిషికైనా తెలుసు. చివర్లో ప్రశ్న ఎందుకంటే, వాళ్ళు మొదట మాట్లాడే మాట వాళ్ళకు తెలిసిన విషయం మీద ఉండాలి. అంగడి గురించి రెండు మాటలు మాట్లాడాక మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

తర్వాత కాగితం బయటికి తీయండి. చదువు రాకపోయినా టిక్కులు కనబడతాయి.

"ఇదిగోండి, పోయిన బుధవారం నేనూ వాడూ కూర్చుని చదివాం. ఈ పై వరుస చూడండి, పదిలో తొమ్మిది చదివాడు. ఈ రెండో వరుసలో ఇవి నాలుగు బాగా చదివాడు. ఇక్కడ ఆగాడు. చేప అని రాస్తే చాప అన్నాడు, మేక అంటే మాక అన్నాడు. అక్షరం తెలుసు వాడికి, దానిమీద పెట్టే గుర్తుల్లో నాలుగు ఇంకా రాలేదు. అన్నా, దాచకుండా చెబుతాను. ఇవి రెండో తరగతి అయ్యేలోపే రావాల్సినవి. ఇవి రాకుండా మూడో తరగతి పుస్తకం వాడంతట వాడు చదవలేడు. ఇప్పుడు పట్టుకుంటే దిద్దుకోవచ్చు, అందుకే పిలిచాను."

ఈ చివరి మూడు వాక్యాలు వదిలేయకండి. గొడవ అవుతుందన్న భయంతో చాలామంది టీచర్లు వరుసల దగ్గరే ఆగిపోతారు. తల్లిదండ్రులు నవ్వుతూ ఇంటికి పోతారు, ఐదో తరగతిలో ఇంకో టీచర్ చేత ఈ మాట మొదటిసారి వింటారు. ఆ రోజు వాళ్ళు మిమ్మల్ని తలుచుకుని బాధపడటంలో న్యాయం ఉంటుంది. చెప్పేశాక మాట్లాడకుండా ఉండండి. ఆ కాసేపు భరించడం కష్టంగా ఉంటుంది, ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. అయినా మొదటి మాట వాళ్ళను అననివ్వండి.

ఆయన "అంటే మావాడు మొద్దు అంటారా?" అని గొంతు లేపవచ్చు. "లేదన్నా" అని ఒక్క మాట చెప్పి వెంటనే కాగితం మీద వేలు పెట్టండి: "మొద్దు అయితే ఈ పై వరుస చదవలేడు, యాభైలో ముప్ఫై రెండు తీయలేడు. ఈ నాలుగు గుర్తులే రాలేదు. వాటి పని పడదాం." ఆయన గొంతుతో పాటు మీ గొంతు పెరగకూడదు. పోయిన ఏడు జరిగింది ఆయన ఎత్తితే "అలా అందరి ముందూ విన్నప్పుడు మీకు కష్టంగా ఉండుంటుంది" అనండి చాలు. పాత టీచర్ని వెనకేసుకు రావద్దు, తిట్టనూ వద్దు.

"కొట్టి అయినా సరే చెప్పండి మేడమ్, మేమేమీ అనుకోం" అనే మాట మన వైపు ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ వింటాం. మీ మీద నమ్మకంతోనే అంటారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది. అయితే ఆయనకు చట్టం చెబితే మీరు తప్పించుకుంటున్నట్టు వినబడుతుంది. ఇలా చెప్పి చూడండి: "కొడితే వాడు చేప చూసినప్పుడు నా చేయి వైపు చూస్తాడన్నా, కాగితం వైపు చూడడు. భయంతో ఏదో ఒకటి అనేస్తాడు. ఇప్పుడు వాడు చేస్తున్నదీ అదే, తెలియనప్పుడు ఊహించి చెబుతున్నాడు. మనకు వాడు నిదానంగా చూసి చదవడం కావాలి. ఇంట్లో కూడా ఈ ఆరు వారాలు చదువు గురించి చేయి ఎత్తొద్దు. మీరు మాటిస్తే నా పని సగం తేలికవుతుంది." ఆరు వారాలు అని గడువు పెట్టడం ఎందుకంటే, ఎప్పటికీ కొట్టవద్దంటే ఒప్పుకోని మనిషి కొన్ని వారాలకు ఒప్పుకుంటాడు. ఆ తర్వాత మళ్ళీ మీరు కూర్చునే మాట్లాడతారు. ఒకవేళ సమావేశం తర్వాత బాబు ఒంటి మీద దెబ్బలు కనబడితే అది ఇక చదువు విషయం కాదు. అదే రోజు హెడ్మాస్టర్ గారికి చెప్పండి, పిల్లల కోసం ఉన్న 1098 నంబరూ గుర్తుపెట్టుకోండి.

మూడోది, "ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో వేసేస్తాం" అంటారు. అది వాళ్ళ హక్కు. ప్రైవేటు బడిని తక్కువ చేసి మాట్లాడకండి. "మీ ఇష్టమన్నా. అక్కడ ఇంగ్లీషు అక్షరాలతో మొదలుపెట్టాలి, ఈ తెలుగు గుర్తులు అక్కడా నేర్చుకోవాలి. ఏ బడికి పోయినా ఈ కాగితం ఒక కాపీ ఇస్తాను, ఆ టీచర్‌కు చూపించండి." ఇలా అన్న టీచర్ దగ్గరి నుంచి పిల్లవాడిని మార్చాలనే తొందర చాలామందికి తగ్గడం నేను చూశాను. తగ్గకపోయినా ఆ కాపీ బాబుకు పనికొస్తుంది.

తల్లితో కూడా మాట్లాడించండి. ఇలాంటి చోట ఆమె కొంగు సర్దుకుంటూ కూర్చుండిపోతుంది, అన్నీ తెలిసింది మాత్రం ఆమెకే. ఆమె వైపు తిరిగి అడగండి: "అమ్మా, చిన్నప్పుడు చెవి కారేదా? టీవీ దగ్గరికి పోయి చూస్తాడా? మాటలు ఆలస్యంగా వచ్చాయా? రెండో తరగతిలో చాలా రోజులు రాలేదు, ఒంట్లో బాగాలేకనా, మీరు పనికి వేరే ఊరు పోయినందుకా?" హాజరు సంగతి ఎత్తేటప్పుడు తల్లికి వందనం డబ్బుల మాట తేవద్దు. ఆ పథకానికి హాజరు నిబంధన ఉందని ఆమెకు తెలుసు, మీరు ఎత్తితే బెదిరింపు అనుకుని నిజం దాచేస్తుంది.

ఇక ఏం చేద్దాం అన్న భాగం. బడి పని ముందు చెప్పండి, ఇంటి పని తర్వాత అడగండి. "రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పదిహేను నిమిషాలు నేను కూర్చోబెట్టుకుంటాను. వారానికి ఒక గుర్తు. ముందు ఏత్వం." దీనికి మీకో చిట్కా. వాడు ఏత్వాన్ని దీర్ఘంగా చదువుతున్నాడు కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టండి: చాప, చేప. పాట, పేట. ఆ తర్వాత ఓత్వానికి గాలి, గోలి. కాడి, కోడి. రెండు చీటీలు చూపించి "ఇందులో చేప ఏది?" అని అడగండి. చూసి పట్టుకోవడం వచ్చాక చదివించండి, ఆ తర్వాతే రాయించండి. గుణింతం మొత్తం వందసార్లు రాయించడం వల్ల చేయి నొప్పి పుడుతుంది, ఈ తేడా కంటికి అందదు. నాలుగు వారాలు నాలుగు గుర్తులకు, ఒక వారం అన్నీ కలిపి, ఒక వారం జ్వరాలకూ పండగలకూ వదిలేసుకోండి. వత్తుల జోలికి ఈ ఆరు వారాల్లో పోవద్దు.

ఇదే ఇబ్బంది ఉన్న పిల్లలు మీ బడిలో ఇంకో ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. వాళ్ళతో కలిపి కూర్చోబెడితే మీకు సమయం కలిసొస్తుంది, బాబుకు ఒంటరితనం ఉండదు. రెండో తరగతి గదికి పంపితే పాఠం వాడి స్థాయికి సరిపోతుంది కానీ సాయంత్రానికి ఊరంతా "రెండుకు దించేశారంట" అని చెప్పుకుంటుంది, ఆ తండ్రి విషయంలో అది ప్రమాదం. నేనైతే పంపను. మీ బడిలో రెండు తరగతులూ ఒకే గదిలో ఉంటే ఈ ఇబ్బందే లేదు.

ఇంటి పనికి వాళ్ళు "మాకు చదువు రాదు కదా మేడమ్" అంటారు. "నేర్పే పని నాదమ్మా. మీరు వినండి చాలు. రోజూ ఐదు చీటీలు పంపుతాను. అన్నం తినే ముందు వాడు మీకు చదివి వినిపిస్తాడు. తప్పో ఒప్పో మీకు తెలియక్కరలేదు." అక్కను పెట్టవచ్చు, పది నిమిషాలకు మించి కాదు. అయితే అక్క తమ్ముడికి పాఠం చెప్పడం చాలా ఇళ్ళల్లో మొట్టికాయలతో ముగుస్తుంది. ఆ పిల్ల కూడా ఇంటి పని చేసి, తన చదువు చదువుకోవాలి. అందుకని ముందు అక్కను అడగండి. ఆమె విసుక్కుంటే అక్క వద్దు, అమ్మ వింటే చాలు. తండ్రికి కూడా ఒక పని ఇవ్వండి, లేకపోతే ఆయనకు మిగిలేది అరవడమే. ఆయన గుంటల దగ్గరికి పోయే ముందు ఒక్క చీటీ వాడే ఆయనకు చదివి చెప్పాలి.

బాబును లోపలికి పిలిచి తండ్రి ముందే చెప్పండి: "నువ్వు తొమ్మిది పదాలు చదివింది నాన్నకు చూపించాను. చేప, మేక నేనూ నువ్వూ నేర్చుకుందాం. రోజూ నీ చీటీలు అమ్మ వింటుంది, నాన్న ఒకటి వింటాడు. సరేనా?" ఇక్కడ ఆయన ఏదో ఒక మాట కలుపుతాడు. అది మెత్తటి మాట అయితే ఆరు వారాల పని అక్కడే మొదలైనట్టు.

వాళ్ళు లేవకముందే నోట్సు రాసి చదివి వినిపించండి. ఇలా ఉంటే చాలు: "తేదీ. వచ్చినవారు: తల్లి, తండ్రి. మొదటి వరుస 9, రెండో వరుస 4. రానివి ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. చిన్నప్పుడు ఎడమ చెవి కారేదని తల్లి చెప్పింది, పీహెచ్‌సీలో చూపిస్తామన్నారు. బడిలో రోజూ పదిహేను నిమిషాలు, ఇంట్లో ఐదు చీటీలు. చదువు కోసం కొట్టనని తండ్రి ఒప్పుకున్నారు. మళ్ళీ కలిసేది ఫలానా తేదీ." బద్ధకం, శ్రద్ధ లేదు, మందబుద్ధి లాంటి మాటలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ కాగితం వచ్చే ఏడు ఇంకో టీచర్ చదువుతారు, బాబును చూడకముందే చదువుతారు.

నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది ఏమైనా ఉందా అన్న అనుమానం మీకు ఇప్పటికే ఉండవచ్చు. ఈ మొదటి సమావేశంలో దాని పేరు ఎత్తవద్దని నా సలహా. ఆ పేరు పెట్టాల్సింది డాక్టర్లు. అలాగని వాయిదా వేస్తూనూ పోవద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని కూడా గుర్తించింది. మూడో తరగతిలోగానీ ఎనిమిదేళ్ళకుగానీ, ఏది ముందైతే అప్పుడు, టీచర్లు ప్రాథమికంగా గమనించి చూడాలని 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ బాబుది సరిగ్గా ఆ వయసు. రోజూ బడికి వచ్చి, ఆరు వారాలు చీటీలు చదివి, కళ్ళూ చెవులూ చూపించుకున్నాక కూడా చాప, చేప తేడా పట్టుబడకపోతే, నిన్న వచ్చింది ఈరోజు పూర్తిగా పోతుంటే, అప్పుడు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని టీచర్, ఐఈఆర్‌పీ గారితో మాట్లాడి, వాళ్ళ సాయంతో తల్లిదండ్రులకు చెప్పండి. హాజరు లేక, అచ్చంగా చెప్పేవాళ్ళు లేక ఆగిపోయిన పిల్లవాడైతే ఆరు వారాల్లో కదలిక కనబడుతుంది. నాలుగు గుర్తుల్లో రెండు వచ్చినా కదలికే.

రెండో సమావేశానికి పాత కాగితం, దాని పక్కన కొత్తది పెట్టుకోండి. కొత్తదానిలో పాత పది పదాలు వరుస మార్చి రాయండి, వాడు ఎప్పుడూ చదవని పది కొత్త పదాలు కూడా కలపండి: మేడ, కోట, పెరుగు, రేవు, కొలను, ఇలా. పాతవి చదివి కొత్తవి చదవలేకపోతే చీటీలు బట్టీ పట్టాడన్నమాట. ఆ సంగతి దాచకుండా చెప్పి, ఇంకో ఆరు వారాలు అడగండి. పిలిచేటప్పుడు మాత్రం మళ్ళీ మీరే ఫోన్ చేయండి, ఈసారి నేరుగా ఆయనకు.